పుట అడుగున ఉన్న కూడిక
చేతిరాత రిజిస్టరులోని రోజువారీ వానను నెల మొత్తంతో సరిచూసే పద్ధతి

వాన రిజిస్టరులో ఒక్కో నెలకు ఒక నిలువు వరుస ఉంటుంది. 1 నుంచి 31 దాకా తేదీలు, తేదీకి ఎదురుగా ఆ రోజు కొలిచిన వాన, అన్నిటికీ అడుగున నెల మొత్తం. కచేరీ గుమాస్తా రోజూ ఒక అంకె వేస్తూ వచ్చి, నెల ముగిశాక వాటిని చేత్తో కూడి ఆ మొత్తం రాసేవాడు. ఏళ్లు గడిచాక ఆ పుటను కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి ఆ కూడిక ఇంకో రకంగా పనికొస్తుంది. 31 అంకెలను ఒక్కొక్కటిగా చదివి టైపు చేసినప్పుడు ఎక్కడైనా తప్పు దొర్లిందా అని అడగడానికి ఆ పుటలోనే ఉన్న సాక్షి అది. ఆ సాక్షి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలిస్తేనే చేతిరాత పుట నుంచి నమ్మదగిన లెక్క బయటికి వస్తుంది.

పుటను చదివే ముందు

మద్రాసు రాజధాని కాలంలో తాలూకా కచేరీల ఆవరణల్లో వర్షమాపకాలు ఉండేవి. అప్పట్లో వానను అంగుళాల్లో కొలిచేవారు. అంగుళంలో నూరో వంతును సెంటు అనేవారు. 1.15 అని రాసి ఉంటే ఒక అంగుళం పదిహేను సెంట్లు, అంటే మొత్తం 115 సెంట్లు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దేశం మెట్రిక్ పద్ధతికి మళ్లింది. ఆ తర్వాతి పుటల్లో మిల్లీమీటర్లు కనిపిస్తాయి. మార్పు జరిగిన ఏళ్లలోని పుటలను చదివేటప్పుడు కొలత ఏదో ముందుగా పుట పైభాగంలో చూసి రాసుకోవాలి. 1.2 అనే అంకె అంగుళాలైతే మంచి వాన, మిల్లీమీటర్లయితే చిన్న జల్లు.

తేదీ విషయంలోనూ ఇలాగే జాగ్రత్త పడాలి. ఇప్పుడు దేశంలో వానను ఉదయం 8.30కి కొలుస్తారు. అప్పటిదాకా గడిచిన 24 గంటల వానను కొలిచిన రోజు తేదీకే రాస్తారు. 18వ తేదీకి ఎదురుగా ఉన్న అంకెలో 17వ తేదీ పగలూ రాత్రీ కురిసిన వాన, 18 తెల్లవారుజామున కురిసిన వాన కలిసి ఉంటాయి. 1వ తేదీ అంకెలో ఎక్కువ భాగం కిందటి నెల ఆఖరి రోజున కురిసిందే. ఒక గుమాస్తా దీన్ని ముందురోజు తేదీకి రాసే అలవాటుపడితే ఆ వాన కిందటి నెల మొత్తంలోకి చేరిపోతుంది. అందుకే రెండు పక్కపక్క నెలల మొత్తాల్లో ఒకే మేర తేడా వచ్చి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయినప్పుడు మొట్టమొదట 1వ తేదీ అంకెను చూడాలి.

రాసింది రాసినట్టే

టైపు చేసేటప్పుడు రెండు వరుసలు పెట్టుకోవడం మంచిది. మొదటి వరుసలో పుటలో ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి. గీత ఉంటే గీత, సున్నా ఉంటే సున్నా, ఖాళీ ఉంటే ఖాళీ అని. రెండో వరుసలో దాని అర్థాన్ని అంకెగా రాయాలి. ఈ రెండూ విడిగా లేకపోతే తర్వాత తలెత్తే సందేహాలకు మళ్లీ మళ్లీ పుట దగ్గరికే పోవాలి.

ఖాళీ గడి విషయంలో పొరపాటు సులభంగా జరుగుతుంది. ఒక గుమాస్తా వాన లేని రోజున గీత గీస్తాడు. ఇంకొకరు ఖాళీగా వదిలేస్తారు. వేరొకరు కొలవని రోజునే ఖాళీగా వదులుతారు. పుటలో ఎక్కడా గీత గానీ సున్నా గానీ లేకుండా, వాన పడిన రోజులకే అంకెలుంటే ఆ చేతికి ఖాళీ అంటే వాన లేదని అర్థం. పుట నిండా గీతలుండి, మధ్యలో మూడు గడులు మాత్రం ఖాళీగా ఉంటే అవి కొలవని రోజులు కావచ్చు. ఆ మూడింటినీ సున్నాలుగా ఎక్కిస్తే నెల మొత్తంతో కూడిక సరిపోతుంది, కానీ మూడు రోజుల అజ్ఞానం మూడు రోజుల ఎండగా మారిపోతుంది. తడి అంటి కొలతకు అందని చిటపట చినుకులకు ‘టి’ అనే ఇంగ్లిష్ అక్షరమో, ‘జల్లు’ అనే మాటో ఉండవచ్చు. కూడికలో దాని విలువ సున్నాయే, అయినా మొదటి వరుసలో అది ఉన్నట్టే ఉండాలి.

అంగుళాల పుటను సెంట్లలోనే, పూర్ణాంకాలుగా ఎక్కించుకుని సరిచూడటం తేలిక. దశాంశ బిందువు గొడవ ఉండదు. స్ప్రెడ్‌షీట్‌లో చదివిన రాతను B వరుసలో, సెంట్లను C వరుసలో పెట్టుకుని, C33లో గుమాస్తా రాసిన మొత్తాన్ని ఉంచితే మూడు చిన్న సూత్రాలు చాలు:

```
=COUNTA(B2:B32)
=SUM(C2:C32)-C33
=COUNTIF(C2:C32,">=10")
```

మొదటిది ఎన్ని గడులు నింపారో చెబుతుంది. 31 రోజుల నెలలో 31 రాకపోతే ఏదో రోజు జారిపోయినట్టే. ఖాళీ ఉన్నచోట ‘ఖాళీ’ అనే మాట రాసి ఉండాలి కాబట్టి, నిజంగా ఖాళీ అయిన గడి టైపు చేయడం మరిచిన గడి అవుతుంది. రెండోది మన కూడికకూ గుమాస్తా కూడికకూ తేడా. అది సున్నా కావాలి. మూడోది వాన రోజుల లెక్క. చాలా రిజిస్టర్లలో మొత్తం కింద వాన రోజుల సంఖ్య కూడా ఉంటుంది. 10 సెంట్లు, అంటే సుమారు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిసిన రోజునే వాన రోజుగా లెక్కించడం మన దేశపు ఆనవాయితీ.

వీటికి తోడు ఒక నియమం ముఖ్యం. రోజువారీ అంకెలన్నీ చదవడం పూర్తయ్యేదాకా నెల మొత్తం వైపు చూడకూడదు. మొత్తం ముందే తెలిసిన కన్ను, మసకబారిన అంకెను మొత్తానికి సరిపోయేట్టుగా చదువుతుంది. అప్పుడు సాక్షి చెప్పేదేమీ మిగలదు.

ఒక నమూనా పుట

పద్ధతి తెలియడానికి కోస్తా ప్రాంతపు అక్టోబరు నెల పుట ఒకటి ఊహించుకోవచ్చు. అంకెలు అంగుళాల్లో ఉన్నాయి, మిగతా తేదీలన్నిటికీ గీతలే.

| తేదీ | వాన |
|---|---|
| 3 | 0.42 |
| 4 | 1.15 |
| 9 | 0.08 |
| 10 | 0.63 |
| 11 | 2.70 |
| 17 | 0.35 |
| 18 | 4.16 |
| 19 | 1.94 |
| 20 | 0.07 |
| 26 | 0.52 |
| 27 | 0.21 |
| మొత్తం | 12.23 |
| వాన రోజులు | 9 |

టైపు చేసిన వ్యక్తికి 18వ తేదీ అంకె 4.76గా కనిపించిందనుకుందాం. కూడితే 1283 సెంట్లు వస్తుంది. గుమాస్తా మొత్తం 1223. తేడా 60, మన లెక్కే ఎక్కువ.

ఇక్కడ పుటనంతా మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. తేడానే వెతకాల్సిన చోటు చెబుతుంది. సరిగ్గా 60 సెంట్ల వాన ఏ రోజునా లేదు కాబట్టి ఒక రోజును రెండుసార్లు ఎక్కించిన తప్పు కాదు. 60ని 9 నిశ్శేషంగా భాగించదు కాబట్టి పక్కపక్క అంకెలు తారుమారైన తప్పూ కాదు. మిగిలింది పదుల స్థానంలో 6 ఎక్కువ కావడం. చేతిరాతలో 1ని 7గా, 0ను 6గా చదవడం మామూలే. టైపు చేసిన వరుసలో పదుల స్థానంలో 7 గానీ 6 గానీ ఉన్న రోజులు మూడే: 10వ తేదీ 63, 11వ తేదీ 270, 18వ తేదీ 476.

10వ తేదీ అంకె నిజంగా 0.03 అయి ఉంటే ఆ రోజు వాన రోజుల లెక్కలోకి రాదు. అప్పుడు వాన రోజులు 8 కావాలి. గుమాస్తా 9 అని రాశాడు. కాబట్టి ఆ రోజు అనుమానం తీరిపోయింది. మిగిలిన రెండింటిని పుటలో అదే చేయి రాసిన వేరే 1లతో, 7లతో పోల్చాలి. 20వ తేదీ 0.07లోని 7కు పైన వెడల్పాటి అడ్డగీత ఉంది. 11వ తేదీలో ఉన్నదీ అలాంటిదే. 4వ తేదీ 1.15లోని 1లకు పైన చిన్న కొక్కెం ఉంది. 18వ తేదీలో ఉన్నది ఆ కొక్కెమే. అయితే అది 4.16. సరిదిద్దితే తేడా సున్నా అవుతుంది.

ఆ ఒక్క అంకె వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 4.76 అంగుళాలు 120.9 మిల్లీమీటర్లు. 4.16 అయితే 105.7. భారత వాతావరణ శాఖ వర్గీకరణలో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం. కొక్కెం ఉన్న 1ని 7గా చదివితే, జరగని ఒక అతి భారీ వర్షం చరిత్రలోకి ఎక్కుతుంది.

తేడా ఏం చెబుతుంది

ఇదే పుట మీద మిగతా తప్పులు కూడా ఒక్కోటి ఒక్కో గుర్తు వదులుతాయి. 26వ తేదీ అంకెను ఎక్కించడం మరిచిపోతే తేడా సరిగ్గా 52 వస్తుంది. తేడా ఏదో ఒక రోజు అంకెకు సమానమైతే మొదట చూడాల్సింది వదిలిపోయిన వరుసనో, రెండుసార్లు పడిన వరుసనో.

19వ తేదీ 1.94ను తొందరలో 1.49గా కొడితే తేడా 45 వస్తుంది. ఇది 9కి గుణిజం. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. పాత జమాఖర్చుల వాళ్లకు ఈ కిటుకు తెలుసు. పదుల స్థానంలోని అంకె, ఒకట్ల స్థానంలోని అంకె చోట్లు మార్చుకున్నప్పుడు ఆ భాగఫలం ఇంకో విషయం కూడా చెబుతుంది. 45ను 9తో భాగిస్తే 5. అంటే తారుమారైన రెండు అంకెల మధ్య తేడా 5. టైపు చేసిన వరుసలో చివరి రెండు అంకెల్లో వెనకది ముందుదాని కన్నా 5 ఎక్కువగా ఉన్నవి రెండే: 149లో 4, 9, 416లో 1, 6. పుటలో ఆ రెండు చోట్లు చూస్తే పని ముగుస్తుంది.

దశాంశ బిందువు జరిగినా 9 గుణిజమే వస్తుంది. 17వ తేదీ .35ను 3.5గా చదివితే, సెంట్లలో 35కు బదులు 350 పడుతుంది. తేడా 315. దాన్ని 9తో భాగిస్తే సరిగ్గా 35 వస్తుంది, అంటే భాగఫలమే అసలు అంకె. పాత పుటల్లో బిందువు సిరా వెలిసి కనపడకుండా పోవడం మామూలు కనుక ఈ తప్పు తరచుగా ఎదురవుతుంది.

తేడా సరిగ్గా 10 గానీ 100 గానీ అయితే గుమాస్తా కూడికనే అనుమానించాల్సి రావచ్చు. నమూనా పుటలో ఒకట్ల స్థానాలన్నీ కూడితే 43 వస్తుంది. 3 రాసి చేతిలో 4 ఉంచుకోవాలి. పదుల స్థానాలు 38, చేతిలో 4 కలిపితే 42. గుమాస్తా చేతిలో 3 ఉందనుకుని ఉంటే 41 అవుతుంది, మొత్తం 12.13గా పడుతుంది. అయితే రోజువారీ అంకెల్లో ఒకచోట పదుల స్థానాన్ని 1 ఎక్కువగా చదివినా అదే 10 తేడా వస్తుంది. 0.11ను 0.21గా చదివినట్టు. కాబట్టి గుమాస్తా మీద తప్పు మోపే ముందు ఆ పుటను మరొకరు, మొదటివారి అంకెలు చూడకుండా, మొదటి నుంచి చదవాలి. ఇద్దరి చదువూ ఒక్కటైతేనే మొత్తం తప్పని తేల్చవచ్చు.

ఇద్దరు విడివిడిగా చదవడం పెద్ద పనుల్లోనూ ఆధారమే. 2020 మార్చిలో బ్రిటన్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయపు వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ నాయకత్వంలో ‘రెయిన్‌ఫాల్ రెస్క్యూ’ అనే పని మొదలైంది. అక్కడి వాతావరణ శాఖ దాచిన పాత వాన పత్రాలను వేలమంది స్వచ్ఛందంగా ఇళ్ల నుంచే టైపు చేశారు. ఆ పత్రాల్లో ఉన్నవి నెలవారీ అంకెలు, అడుగున ఏడాది మొత్తం. ఒక అంకెను ఒకరికి మించి చదవడం, నెలల కూడికను ఏడాది మొత్తంతో పోల్చడం, ఈ రెండింటి మీదే ఆ లెక్క నిలబడింది. రోజుల నుంచి నెలకు, నెలల నుంచి ఏడాదికి మెట్టు మారుతుంది గానీ పద్ధతి ఒకటే.

కూడిక సరిపోయినా

తేడా సున్నా వచ్చినంత మాత్రాన పుట సరిగ్గా ఎక్కిందని కాదు. కూడికకు తేదీలతో పని లేదు. 17 నుంచి 20 దాకా ఉన్న నాలుగు అంకెలను పొరపాటున ఒక గడి కిందికి ఎక్కిస్తే, అంటే 18 నుంచి 21 దాకా వేస్తే, మొత్తం 12.23గానే ఉంటుంది. వాన రోజులూ 9గానే ఉంటాయి. 4.16 మాత్రం 19వ తేదీకి మారిపోతుంది. కొన్ని రిజిస్టర్లలో నెలలో అత్యధిక వాన, అది పడిన తేదీ కూడా అడుగున రాస్తారు. అది ఉంటే ఈ జారుడు వెంటనే బయటపడుతుంది. లేకపోతే పక్క తాలూకా పుటను చూడాలి. తుపాను వాన పక్కపక్క చోట్ల దాదాపు ఒకే రోజు పడుతుంది కాబట్టి, ఒక కేంద్రం మాత్రం ప్రతిసారీ ఒక రోజు వెనకబడి కనిపిస్తే తేదీ వరుస జారిందని గ్రహించవచ్చు.

సెలవుల మధ్య కలిసిపోయిన వాన ఇంకో చిక్కు. అక్టోబరులో దసరా సెలవులకు కచేరీ మూసి ఉండి, మూడు రోజులు ఎవరూ కొలవకపోతే, వర్షమాపకంలో నిలిచిన నీటినంతా నాలుగో రోజు ఉదయం ఒకేసారి కొలుస్తారు. నెల మొత్తానికి దీనివల్ల పెద్దగా లోటు రాదు. రోజువారీ లెక్కలో మాత్రం నాలుగు రోజుల వాన ఒక రోజు వానగా నిలబడుతుంది. వరుసగా కొన్ని ఖాళీలు, వెంటనే ఒక పెద్ద అంకె కనిపిస్తే దానికి ‘కలిపి కొలిచినది’ అనే గుర్తు పెట్టాలి. భారీ వర్షాలను అధ్యయనం చేసేవారు ఆ గుర్తు చూసి ఆ రోజును పక్కన పెడతారు.

కొలిచే గ్లాసు తప్పయితే కూడిక అసలేమీ పట్టుకోలేదు. వర్షమాపకపు మూతి వైశాల్యానికి సరిపడే గ్లాసునే వాడాలి. 200 చదరపు సెంటీమీటర్ల మూతి ఉన్న దాంట్లో ఒక మిల్లీమీటరు వానకు 20 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. దాన్ని 100 చదరపు సెంటీమీటర్ల మూతికి చేసిన గ్లాసులో పోస్తే రెండు మిల్లీమీటర్లని చూపుతుంది. ప్రతి అంకె రెట్టింపవుతుంది, మొత్తమూ రెట్టింపవుతుంది, కూడిక చక్కగా కుదురుతుంది. ఒక ఏడాది నుంచి ఒక కేంద్రపు వాన మాత్రమే పొరుగు కేంద్రాలన్నిటితో పోలిస్తే రెట్టింపో, సగమో అయితే అప్పుడు ఈ కారణాన్ని వెతకాలి.

మిల్లీమీటర్లలోకి మార్చేది చివరనే

సరిచూడటం ముగిశాకే అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చాలి. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. నమూనా పుటలోని 12.23 అంగుళాలను మారిస్తే 310.6 వస్తుంది. అదే పుటలోని పదకొండు రోజుల వాననూ విడివిడిగా మార్చి, ఒక్కోదాన్ని దశాంశం తర్వాత ఒక స్థానానికి సవరించి, అప్పుడు కూడితే 310.7 వస్తుంది. ఏ అంకే తప్పు కాదు, అయినా 0.1 తేడా పుట్టుకొచ్చింది. ముందే మార్చి తర్వాత సరిచూసేవారికి ఇలాంటి చిల్లర తేడాలు ప్రతి నెలా ఎదురవుతాయి. వాటిని పట్టించుకోకుండా వదిలేసే అలవాటులో ఒక సెంటు, రెండు సెంట్ల నిజమైన తప్పులు కూడా దాటిపోతాయి. సెంట్లలో సరిచూసినప్పుడు అలాంటి సడలింపు అక్కర్లేదు. తేడా ఉంటే సున్నా కాదు, లేకపోతే సున్నా.

సరిపోని నెలను ఏం చేయాలి

అన్నీ చూసినా తేడా మిగిలే నెలలు ఉంటాయి. చెదలు తిన్న మూల, నీరు పడి అలికిపోయిన సిరా, కొట్టివేసి పైన రాసిన అంకె, వీటిలో కొన్నిటికి ఒకటే సమాధానం తేలదు. అప్పుడు మొత్తానికి సరిపోయేట్టు ఏదో ఒక రోజు అంకెను దిద్దడం తప్పు. 60 సెంట్ల తేడాకు మూడు రోజులు అనుమానితులైతే, రుజువు లేకుండా ఒక రోజును ఎంచుకోవడం ఆ రోజు మీద కొత్త వాన కురిపించడమే. అలాగే గుమాస్తా రాసిన మొత్తాన్ని చెరిపి మన కూడికను దాని చోట పెట్టడమూ తగదు. ఆ పాత మొత్తమే ఏడాది లెక్కలోకి, జిల్లా నివేదికల్లోకి ఎక్కి ఉండవచ్చు. తర్వాత ఆ నివేదికల్లో 12.13 కనిపిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పుటే చెప్పాలి.

అందుకే ప్రతి నెలకూ నాలుగు సంగతులు విడివిడిగా నిలవాలి: పుటలో రాసి ఉన్న మొత్తం, చదివిన అంకెల కూడిక, వాటి మధ్య తేడా, ఆ తేడాకు తేల్చిన కారణం. సరిదిద్దిన ప్రతి అంకె పక్కన మొదట ఎలా చదివారో, ఏ ఆధారంతో మార్చారో ఒక మాట ఉండాలి. కారణం దొరకకపోతే ‘తేలలేదు’ అనే గుర్తు చాలు. నమూనా పుటకైతే ఆ నమోదు ఇంతే: రాసిన మొత్తం 1223, కూడిక 1223, తేడా 0, 18వ తేదీ మొదట 476 అని చదివారు, వాన రోజుల సంఖ్య, 4వ తేదీలోని 1 ఆధారంగా 416కు మార్చారు.